నడుం దాకా చెమ్మ

బేబీరాణి పేరెత్తితే తంగెళ్ళమూడిలోని ఆ సందులో ఇప్పటికీ నవ్వుకునేవాళ్ళున్నారు. కొత్తింట్లో దిగినవాళ్ళెవరైనా ముందు పాలు పొంగిస్తారు, దేవుడి పటం ఏ గోడకి పెట్టాలా అని చూస్తారు. ఈవిడ మటుకు ఫోను పట్టుకుని ఏ గోడకి ఏ రోగముందో వెతికింది. సామాను ట్రాలీ ఆటో గుమ్మంలో ఆగే ఉంది, డ్రైవరు తొందరపెడుతున్నాడు, మొగుడు జగదీష్ మంచం కోళ్ళు భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఒక్క సామాను లోపల పెట్టినా గోడ సరిగ్గా కనపడదని, అందర్నీ బయటే ఆపేసింది మహాతల్లి.

ఆవిడ తప్పేం లేదు లెండి, చేసే ఉద్యోగం అలాంటిది. ఏలూరులో ఒక బైకుల సర్వీసు సెంటరులో ముందు కౌంటరు ఆవిడదే. బండి రాగానే దాని చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు మీద గీతలున్నాయా, అద్దం బీటలు వారిందా, పెట్రోలు ఎంతుంది అన్నీ జాబ్ కార్డు మీద రాసి, నాలుగు వైపులా ఫొటోలు తీసి, తెచ్చినాయన చేత సంతకం పెట్టించాకే బండిని లోపలికి పంపుతుంది. అలా చెయ్యకపోతే సాయంత్రం బండి తీసుకెళ్ళేటప్పుడు, ఈ గీత పొద్దున లేదండీ అనేవాడు రోజుకొకడు తగులుతాడు. అబద్ధమాడాలని కాదు. తన బండి మీద గీతని మనిషి అంతకు ముందెప్పుడూ చూసుకోడు, అంతే. ఇళ్ళు మాత్రం అంతకన్నా ఏం తక్కువ అనుకుంది బేబీరాణి.

ఇల్లుగలాయన ఇమాం సాహెబ్. పరుపుల కొట్టు నడిపిన పెద్దమనిషి. భార్య మరియంబీతో పై వాటాలో ఉండేవాడు. ఆయనకి ఈ తతంగమంతా భలే సరదాగా అనిపించింది. టార్చిలైటు తెచ్చుకుని మరీ ఆవిడ వెనకాల గదిగదీ తిరిగాడు. ఆవిడ చెప్పడం, రాయడం, ఆయన ఔనమ్మా అనడం. హాల్లో మూడో స్విచ్చి పని చెయ్యదు. వంటింటి గట్టు రాయి కుడి మూల చిట్లింది. పెరటి తలుపు గడియ వదులు. వెనక గదిలో తూర్పు గోడకి కింద చెమ్మ, సున్నం రాలుతోంది. తాళంచెవులు రెండు జతలు. కరెంటు మీటరు రీడింగు ఇంత. అదంతా రెండు ప్రతులు రాసి, తేదీ వేసి, రెండింటి మీదా ఇద్దరూ సంతకాలు పెట్టుకుని చెరొకటి తీసుకున్నారు. అద్దె కాగితంలో ఉన్న మాటేమిటంటే, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల పోను, అద్దెకున్నవాళ్ళు చేసిన నష్టమేదన్నా ఉంటే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి మినహాయించుకోవచ్చని. మరి ఏది వాళ్ళు చేసింది, ఏది ముందునుంచీ ఉన్నది అనేది తేలాలంటే ఈ జాబితాయే దిక్కు.

ఇక్కడిదాకా బాగానే జరిగింది. చిక్కల్లా అత్తగారితో వచ్చింది.

రాజేశ్వరమ్మది కొల్లేటి లంకలో ఊరు. పొద్దు పొడవకముందే చెరువు గట్టు మీదకెళ్ళి చేపల మేత బస్తాలు మోయించిన మనిషి, కట్టె విరిచినట్టు మాట్లాడుతుంది, కడ్డీలా నిలబడుతుంది. ఆవిడ లెక్కలో ఫొటో అంటే మనిషికి తీసేది. మనిషి లేని గోడకి ఫొటో తియ్యడం అన్నం వండకుండా విస్తరి వెయ్యడం లాంటిదని ఆవిడ ఉద్దేశం. పైగా కొత్తింట్లో మొదటిసారి తీసే ఫొటోల్లో మనుషులు లేకపోతే శుభం కాదంది. అందుకని సంచీలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుని వచ్చి, కోడలు ఏ గోడ ముందు ఆగితే ఆ గోడ పక్కన నిలబడింది. చేతులు రెండూ పక్కలకి ఆనించి, నవ్వకుండా, ఆధార్ కార్డుకి తీయించుకున్నట్టు. చిట్లిన గట్టురాయి పక్కన రాజేశ్వరమ్మ. వదులు గడియ పక్కన రాజేశ్వరమ్మ. కారే కుళాయి పక్కన రాజేశ్వరమ్మ.

కాస్త పక్కకి జరగండత్తయ్యా అని బతిమాలితే జరిగేది, ఒక ఫొటో తియ్యగానే మళ్ళీ వచ్చి నిలబడేది. బేబీరాణికి ఒళ్ళు మండిపోయింది గానీ, దిగినరోజున అత్తగారితో పెట్టుకోవడం దేనికని ప్రతిదీ రెండేసి తీసింది. ఒకటి అత్తగారితో, ఒకటి గోడ ఒక్కదానికీ దగ్గరగా. వెనక గదిలో చెమ్మ గోడ దగ్గర మరీను, సాయం చేస్తున్నాననుకుని అత్తగారు వేలు పెట్టి చూపించింది కూడాను. ఇమాం సాహెబ్ అది చూసి పంచె చెంగుతో మూతి మూసుకుని నవ్వాడు.

ఆ సాయంత్రమే బేబీరాణి ఆ ఫొటోలన్నీ ఏరకుండా, తుడవకుండా ఇమాం సాహెబ్ వాట్సాప్‌కి పంపేసింది. మన ఫోనులో ఉన్న ఫొటో మన మాట మాత్రమే, అవతలివాళ్ళ ఫోనులోకి అదే రోజున చేరిందనుకో, తర్వాత తీసి తెచ్చావని ఎవరూ అనలేరు. సర్వీసు సెంటరులో నేర్చిన విద్యే ఇదీను. తర్వాత కొన్నాళ్ళకి ఫోనులో జాగా చాలక, ఒకే గోడకి రెండేసి ఎందుకని అత్తగారున్నవన్నీ చెరిపేసింది. గోడలు మిగిలాయి, అత్తగారు పోయింది. అప్పుడా సంగతి ఆవిడకి ఏమీ అనిపించలేదు.

ఏడాది దాటింది. ఇమాం సాహెబ్ ఒక చలికాలంలో గుండెనొప్పితో హఠాత్తుగా పోయాడు. విజయవాడలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఇలియాస్ అది మానేసి వచ్చి, తల్లి దగ్గరుండి కొట్టు చూసుకోవడం మొదలుపెట్టాడు. మంచివాడే. కాకపోతే తండ్రికి ఇల్లంటే పరుపులు కుట్టి కుట్టి కట్టుకున్న ఇల్లు, కొడుక్కి మీద పడిన బాధ్యత. దానికి ఎంత ఖర్చవుతుందోనని ఎప్పుడూ భయమే.

ఆ ఏడాదే కార్తీకంలో రాజేశ్వరమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయింది. ఆ మాటకారి మనిషి నీళ్ళు కావాలని అడగడానికి కూడా కళ్ళతో వెతుక్కునేది. వెనక గదిలో తూర్పు గోడకి ఆనించి మంచం వేశారు. మొదట్లో స్నానాలగదికి తీసుకెళ్ళే వీల్లేక మంచం పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి, కింద టబ్బు పెట్టి, బేబీరాణే తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేది, తల రుద్దేది. అత్తాకోడళ్ళు అంతకుముందు పదేళ్ళలో మాట్లాడుకోని మాటలు ఆ టబ్బు దగ్గర మాట్లాడుకున్నారు. అంటే, మాట్లాడింది బేబీరాణి, విన్నది రాజేశ్వరమ్మ. తర్వాత స్నానాలగది గోడకి పట్టుకోవడానికి స్టీలు రాడ్డు బిగించారు. నెమ్మదిగా రాడ్డు పట్టుకుని నాలుగడుగులు వెయ్యడం వచ్చింది. మాట మాత్రం ఒకటీ అరా, అదీ కష్టం మీద.

ఇంతలో జగదీష్‌కి ఉద్యోగం తాడేపల్లిగూడెం మారింది. రొయ్యల మేత కంపెనీ డిపో అక్కడ కొత్తగా తెరిచారు. గూడెంలో ఇల్లు చూశారు. మెట్లు లేవు, స్నానాలగది వెడల్పు, ఫిజియోథెరపీ చేసే ఆసుపత్రి వీధి చివరే. ఆ ఇల్లు దొరికిన రోజున బేబీరాణి అత్తగారి పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతూ, అక్కడ మిమ్మల్ని నేను పరిగెత్తిస్తాను చూడండి అంది. రాజేశ్వరమ్మ నోరు ఒక పక్కకే నవ్వింది. అయితే ఆ ఇంటివాళ్ళు సోమవారంలోగా అడ్వాన్సు కట్టకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. ఇక్కడి అడ్వాన్సు వస్తేగాని అక్కడ కట్టలేరు. మందులకీ ఆసుపత్రులకీ పోయాక చేతిలో ఇంకేం మిగిలింది గనక.

ఖాళీ చేసేరోజు ఆదివారం. పొద్దున్నే ఇలియాస్ ఇల్లు చూసుకోడానికి కిందకి వచ్చాడు. వెనక గదిలో మంచం జరిపి ఉంది. తూర్పు గోడ చూడగానే అతని మొహం మారిపోయింది. కింద నుంచి మనిషి నడుమెత్తుదాకా పెచ్చులూడిపోయి, ఉప్పు పట్టి, చేత్తో ముట్టుకుంటే పొడి రాలుతోంది. సరిగ్గా మంచం ఆనిన చోటే. ఇంకేముంది, అతని లెక్క అతను వేసుకున్నాడు. నెలల తరబడి ఇక్కడే నీళ్ళు పోశారు, గోడ తాగేసింది. మేస్త్రీని పిలిపించి అడిగితే పద్దెనిమిది వేలన్నాడు. అడ్వాన్సే ఇరవైనాలుగు.

ఇలియాస్ అరవలేదు, తిట్టలేదు. ఆ మర్యాదే ఇంకా గుచ్చుకుంది.

"పెద్దావిడకి అలా అయిందని నాకూ బాధగానే ఉందండి. కాని గోడ పాడయింది కదండీ. ఆవిడ స్నానం నీళ్ళే కదండీ ఇవి. నేనెక్కణ్ణుంచి తెచ్చేదండీ?" అన్నాడు.

పక్క గదిలో కుర్చీలో కూర్చునుంది రాజేశ్వరమ్మ. మాట పోయింది గాని చెవులెక్కడికీ పోలేదు. అన్నీ విన్నది. ఎడం చేత్తో కొడుకుని దగ్గరకి పిలిచి, ఒక్కో మాటా పళ్ళ మధ్య నుంచి లాగినట్టు లాగి చెప్పింది. నేనే పాడుచేశాను. అక్కడా పాడుచేస్తాను. లంకలో చెల్లెలి దగ్గర దింపేసి మీరు వెళ్ళండి. ఎడం చేత్తోనే చెవి కమ్మ తీసుకోబోయింది, గోడకి ఇమ్మని. అది రాలేదు. జగదీష్ ఆ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎంత చెప్పినా ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి తల్లి మంకుపట్టు తట్టుకోలేక, సరే, దారిలో లంకకి వెళ్దాం లేమ్మా అని, చిన్నమ్మకి ఫోను చేసి చెప్పేశాడు కూడా.

బేబీరాణి అది చూసింది. డబ్బు సంగతి అటుంచండి. చచ్చి బతికిన మనిషి, బతికి బట్టకట్టినందుకు గోడకి క్షమాపణ చెప్పుకుంటోంది. ఇది ఎలా ఊరుకోవడం? సామాను మూటల్లోంచి ఫైలు వెతికి తీసి, జాబితా ఇలియాస్ చేతిలో పెట్టింది. ఇదిగోనండీ, మీ నాన్నగారి సంతకం, చెమ్మ అప్పుడే ఉంది అని చూపించింది.

ఇలియాస్ శ్రద్ధగానే చదివాడు. తండ్రి సంతకం మీద బొటనవేలు ఆనించి కాసేపు చూశాడు. తర్వాత అన్న మాటలో న్యాయం లేకపోలేదు. 'కింద చెమ్మ' అని రాశారు గాని ఎంతని రాయలేదు. జానెడు చెమ్మా చెమ్మే, మనిషెత్తు చెమ్మా చెమ్మే. అప్పుడు జానెడు ఉండి, ఇప్పుడు ఇంతయిందేమో.

బేబీరాణి నాలిక్కరుచుకుంది. బండి గీతైతే రెండంగుళాలో నాలుగంగుళాలో కొలిచి రాసే మనిషి, ఇంటి గోడ దగ్గర కొలత మర్చిపోయింది. సరే, ఫొటో ఉంది కదా అని ఫోను తీసింది. ఫొటోలో గోడ ఉంది, పెచ్చులున్నాయి. కాని మరీ దగ్గరగా తీసింది కదా, అది జానెడో గజమో పోల్చుకునే ఆధారం పక్కన ఒక్కటీ లేదు. పైగా తేదీ చూస్తే ఈ ఏడాది జనవరి అని చూపిస్తోంది. పాత ఫోను నీళ్ళలో పడి పోతే జగదీష్ దాని కార్డులోంచి ఫొటోలు కొత్త ఫోనులోకి కాపీ చేశాడు. కాపీ చేసిన రోజే తేదీగా పడి కూర్చుంది. పాత వాట్సాప్ సంభాషణలు ఆ ఫోనుతోనే పోయాయి.

"జనవరంటే అప్పటికి పెద్దావిడ ఈ మంచం మీదే ఉన్నారు కదండీ," అన్నాడు ఇలియాస్. తప్పు పట్టినట్టు కాదు, నిజంగానే ఇబ్బంది పడుతూ అన్నాడు.

బేబీరాణి గుమ్మంలో కూలబడింది. అన్నీ చేసి, సరిగ్గా కావలసినచోట అన్నీ పోగొట్టుకున్నానే అనుకుంది. అత్తగారున్న ఫొటోలు గుర్తొచ్చాయి. ఆవిడ నిలబడ్డ తీరు, చూపించిన వేలు. ఆవిడ పక్కన చెమ్మ ఎంతవరకుందో చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఆ ఫొటో నా చేత్తో నేనే చెరిపేశాను కదా అనుకుంది. ఆ బాధలోనే, అన్నీ ఏరకుండా పంపేశాను కదా ఆ సాయంత్రం అని తట్టింది.

ఇమాం సాహెబ్ ఫోను మరియంబీ దగ్గరుందని ఆ సందంతా ఎరుగును. ఆవిడ దాన్ని రోజూ చార్జింగు పెట్టి తలగడ కింద పెట్టుకుంటుంది. నెలనెలా రీచార్జి కూడా చేయిస్తుంది. ఆయన తనకీ కొడుక్కీ పంపిన మాటలు వింటూ పడుకుంటుంది. దాన్ని ఎవరికీ ఇవ్వదు, ఇలియాస్‌ని కూడా ముట్టుకోనివ్వదు. బేబీరాణి ఆ ఫోను పేరెత్తగానే ఇలియాస్ వద్దండీ అన్నాడు. అమ్మని అది అడగలేనన్నాడు. బేబీరాణికి మాత్రం అడగాలని ఉందా? మొగుడు పోయిన ఆడమనిషి దగ్గరకెళ్ళి, మీ ఆయన ఫోను ఇవ్వండి, నా అడ్వాన్సు సంగతి తేల్చుకోవాలి అని ఎలా అడుగుతుంది. మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే కుర్చీలో అత్తగారు మెడ వాల్చి, లంకకి వెళ్ళడానికి ఎడం చేత్తో తన చీర తానే మడతపెట్టుకోవాలని చూస్తోంది. మడత పడటం లేదు. బేబీరాణి మెట్లెక్కింది.

మరియంబీ నమాజు చేసుకుని లేచి, కింద పరిచిన జానిమాజ్ మడిచి పెడుతోంది. బేబీరాణి ఆవిడ దగ్గర కింద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. డబ్బు మాట ముందు చెప్పి, దాని వెనకున్న అత్తగారి మాట తర్వాత చెప్పింది. మీకు కష్టమైతే వద్దండీ, నేనేమీ అనుకోను అని కూడా అంది.

మరియంబీ మడిచిన జానిమాజ్ పక్కన పెట్టింది. తర్వాత తలగడ కింద నుంచి ఫోను తీసి, చేతికివ్వకుండా తన చేతిలోనే పట్టుకుని, "ఎక్కడుందో నువ్వు చూపించమ్మా, నేను నొక్కుతాను," అంది.

ఇలియాస్ కూడా వచ్చి తల్లి వెనక నిలబడ్డాడు. సంభాషణల్లో కిందికి, ఇంకా కిందికి వెళితే 'బేబీరాణి కింద పోర్షన్' అని ఉంది. తెరిస్తే అద్దె పంపిన చీటీలు, పండగ శుభాకాంక్షలు, అన్నిటికీ పైన మొట్టమొదట, ఆగస్టు పద్నాలుగు రెండువేల ఇరవైరెండు అని తేదీ, దాని కింద వరసగా ఫొటోలు. గట్టురాయి, రాజేశ్వరమ్మ. కుళాయి, రాజేశ్వరమ్మ. వాటి మధ్యలో తూర్పు గోడ. దాని పక్కన ఉతికిన చీరలో నిటారుగా రాజేశ్వరమ్మ, రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడి, కుడి చెయ్యి చాపి చెమ్మ చూపిస్తోంది. చెమ్మ సరిగ్గా ఆవిడ నడుం దాకా ఉంది. ఇప్పుడు ఎంతుందో అంతే.

ఆ చెయ్యి చూసి బేబీరాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇలియాస్ తల దించుకున్నాడు.

ఫొటోల కింద ఇమాం సాహెబ్ పంపిన వాయిస్ మెసేజి ఒకటుంది, దిగిన హడావిడిలో బేబీరాణి వినకుండానే వదిలేసినది. మరియంబీ అది చూసింది. ఆయన తనకి పంపినవన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. కానీ అద్దెవాళ్ళకి పంపింది ఆవిడెందుకు తెరుస్తుంది? ఇది ఆవిడ వినని గొంతు. నొక్కబోయి వేలు వెనక్కి తీసుకుంది, మళ్ళీ నొక్కింది.

"అమ్మా బేబీరాణీ, ఫొటోలన్నీ చూశానమ్మా. వెనక గది చెమ్మ పాతదేనమ్మా, పక్కవాళ్ళ నీళ్ళ తొట్టి ఆ గోడకే ఆనుకుని ఉంది. వాళ్ళతో మాట్లాడి చేయిస్తాను, నాదీ పూచీ. కింద ఎక్కడో కొంచెం ఉందిలే అనుకున్నాను నేను. మీ అత్తగారు పక్కన నుంచోబట్టి, నడుం దాకా వచ్చేసిందని తెలిసింది. ఆవిడకి నా సలాం చెప్పమ్మా. ఫొటోల్లో బాగా పడ్డారు."

చివర్లో ఆయన నవ్వు కూడా వినపడింది. మరియంబీ ఆ ఫోనుని చెంపకి ఆనించుకుంది. ఏడవలేదు. ఇంకోసారి వింటానని, వాళ్ళ అనుమతి కావాలన్నట్టు అడిగి, ఇంకోసారి విన్నది. తర్వాత కొడుకు వైపు చూసింది.

"నాన్న మాటయ్యాక నాకు మాటేముందండీ," అన్నాడు ఇలియాస్. అతనూ తండ్రి గొంతు విని ఏడాదిన్నర అయింది.

కిందకి వచ్చాక అప్పుడు జరగాల్సిన పని జరగాల్సినట్టు జరిగింది. పాత జాబితా చేత్తో పట్టుకుని ఇలియాస్, బేబీరాణి గదిగదీ తిరిగారు. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు పక్కన టిక్కులు పెట్టారు. మంచం రాసుకుని రంగు వెలిసిన చోటు చూసి, ఇది మామూలు అరుగుదలే లెండి అని ఇలియాసే అన్నాడు. స్నానాలగదిలోకి వచ్చాక బేబీరాణే ఆగింది. రాడ్డు బిగించేటప్పుడు రెండు టైల్స్ పగిలాయి. అవి జాబితాలో లేవు, అప్పుడు బాగానే ఉన్నాయి, ఇవి మావల్ల జరిగినవేనండీ అని తనే రాయించింది. ఇలియాస్ వద్దన్నా వినలేదు. జాబితా తమకు పనికొచ్చినప్పుడే చూపించి, పనికిరానప్పుడు మడిచి పెట్టుకుంటే అది జాబితా ఎలా అవుతుందండీ అంది. రెండు టైల్స్ ఖరీదు, మేస్త్రీ కూలీ పోను మిగిలింది ఇలియాస్ అక్కడికక్కడే ఫోనులో పంపాడు. మీటరు రీడింగు రాసుకున్నారు, తాళంచెవులు రెండు జతలూ ఒప్పచెప్పారు, ఖాళీ గదులకి మళ్ళీ ఫొటోలు తీసి అతనికి పంపారు. రెండు కాగితాల మీదా సంతకాలు, తేదీ.

అన్నీ అయ్యాయి. అడ్వాన్సు చేతికొచ్చింది. కానీ బేబీరాణి ఆ మెట్లెక్కింది అందుకోసం కాదు.

మరియంబీ మెల్లిగా మెట్లు దిగివచ్చి, రాజేశ్వరమ్మ కుర్చీ పక్కన ముక్కాలిపీట వేసుకు కూర్చుంది. ఒకే ఇంట్లో కింద ఒకరు, పైన ఒకరుగా మూడేళ్ళు గడిపిన ఆడవాళ్ళు. మరియంబీ ఫోను తెరిచి, ఆ ఫొటో పెద్దది చేసి ఆవిడ కళ్ళ ముందు పట్టుకుంది. ఇలియాస్ వచ్చి నేల మీద కూర్చున్నాడు. తొందరపడి మాట జారానండి, మనసులో పెట్టుకోకండి అని చేతులు జోడించాడు. రాజేశ్వరమ్మ అతని వైపు చూడలేదు. ఫొటోనే చూస్తోంది.

తనని తాను ఆవిడ ఎప్పటినుంచి చూసుకోలేదో. మంచాన పడ్డాక అద్దం తెస్తే మొహం తిప్పేసుకునేది. ఇప్పుడు కళ్ళు ఆర్పకుండా చూసింది. ఎడం చేతి వేలితో ఫొటోలో తన కుడి చెయ్యిని ముట్టుకుంది. ఆ వేలు తగిలి ఫొటో చిన్నదయిపోతే, మరియంబీ మళ్ళీ పెద్దది చేసింది. వేలు మెల్లిగా చెమ్మ మీదకి జరిగింది, అక్కణ్ణుంచి పైనున్న తేదీ మీదకి. ఎప్పుడిది అన్నట్టు కోడలి వైపు చూసింది.

"మనం దిగినరోజు అత్తయ్యా. ఇంకా సామాను కూడా లోపల పెట్టలేదు. మీరు అసలు ఈ గదిలో ఒక్క పూట పడుకోలేదు అప్పటికి," అంది బేబీరాణి.

రాజేశ్వరమ్మ పెదాలు కదిలాయి. మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ అందించలేదు, ఎవరూ తొందరపెట్టలేదు.

"నేను కాదు," అంది.

"మీరు కాదు అత్తయ్యా. మీరు కానే కాదు." బేబీరాణి ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టేసి, ఆ పొద్దంతా బిగబట్టుకున్నదంతా ఏడ్చేసింది. తల మీద ఎడం చెయ్యి పడింది. అది నిమరడం ఇంకా సరిగ్గా రాదు, తట్టినట్టే ఉంటుంది.

సామాను ఎక్కించేసరికి పొద్దు వాలింది. జగదీష్ తల్లిని ఎత్తుకుని తీసుకొచ్చి ఆటోలో మెత్తటి పరుపు మీద కూర్చోబెట్టాడు. ఆ పరుపు ఇలియాస్ కొట్టులోంచి తెప్పించాడు, దారిలో కుదుపులకి పెద్దావిడ నడుం నొప్పెడుతుందని. మరియంబీ గుమ్మం దిగి వచ్చి రాజేశ్వరమ్మ చెయ్యి పట్టుకుని, ఆయన మీకు సలాం చెప్పమన్నారు, మూడేళ్ళకి ఇవాళ చేరింది అంది.

ఆటో డ్రైవరుకి ముందు జగదీష్ చెప్పినది గుర్తుంది. ఒక దారి లంకకి, ఒక దారి గూడేనికి. తేల్చుకోకుండా బండి కదలదు కదా.

"పెద్దావిడ దిగేదెక్కడండీ?" అని అడిగాడు.

జగదీష్ తల్లి వైపు చూశాడు. అడగడానికి ధైర్యం చాల్లేదు. చిన్నమ్మ అక్కడ అప్పటికే మంచం వేసి ఉంచానని రెండుసార్లు ఫోను చేసింది. బేబీరాణి అత్తగారి పక్కనే కూర్చునుంది, ఆవిడ మోచెయ్యి తన చేతిలోనే ఉంది. ఆవిడ కాదంటే కాదనే హక్కు తనకి లేదు. అది ఆవిడ మనసు.

రాజేశ్వరమ్మ డ్రైవరు వైపు చూసింది. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. మాటలు ముద్దగానే వచ్చాయి గాని ఆటోలో ఉన్న అందరికీ తెలిసేలా వచ్చాయి.

"వీళ్ళు... దిగే చోటే," అంది.